మూడు బాకీలు కలిపి ఒకే తేదీన కడితే ఎంత కట్టాలి?

ప్రశ్న: నరసరావుపేట దగ్గర పురుగుమందుల షాపు నాది. ఒకే డిస్ట్రిబ్యూటర్‌కి మూడు బాకీలున్నాయి. 2026 ఆగస్టు 1కి 2 లక్షలు, నవంబర్ 1కి 3 లక్షలు, ఈ రెండూ సరుకు బిల్లులు. మూడోది 2026 మే 1న రాసిన లక్ష రూపాయల నోటు, నూటికి రూపాయి వడ్డీ, ఏడాది గడువు. పత్తి డబ్బులు సంక్రాంతి దాటాకే చేతికొస్తాయి కాబట్టి 2027 ఫిబ్రవరి 1న అన్నీ కలిపి ఒకేసారి కట్టేస్తానన్నాను. ఆయన ఒప్పుకున్నాడు, నూటికి రూపాయిన్నర బారువడ్డీ వేస్తానన్నాడు. కానీ లెక్క 6,67,080 చెబుతున్నాడు. మొత్తం 6,12,000 బాకీకి ఇంత అవుతుందా? అసలు కొంత ముందు కొంత వెనక కట్టినట్టే కదా, 6,12,000 ఇస్తే సరిపోదా?

జవాబు:

రెండూ సరిపోవండి. మీరు చెప్పిన షరతుల ప్రకారం ఫిబ్రవరి 1న ఇవ్వాల్సింది 6,38,677 రూపాయలు. ఆయన లెక్కలో 28,403 ఎక్కువ పడింది, మీ లెక్కలో దాదాపు 26,700 తక్కువ పడింది. నోటు విషయంలో ఆయన ఒక మాట అడగొచ్చు, అది అడిగితే మొత్తం 6,40,500 దాకా వెళ్తుంది. అంతకు మించి వెళ్లడానికి మీరు చెప్పిన షరతుల్లో ఏ ఆధారమూ లేదు.

ఎరువులు, పురుగుమందుల డీలర్లకు లెక్కలు చూడటం నా పని. సీజన్ తిరగబడినప్పుడల్లా ఈ రకం పంచాయితీ ఒకటి వస్తుంది. గొడవ ఎప్పుడూ వడ్డీ రేటు దగ్గర రాదు, దాని మీద ఇద్దరూ ముందే ఒప్పుకునే ఉంటారు. ఆ రేటు ఏ బాకీకి ఎన్ని నెలలు పడాలి అన్న దగ్గరే వస్తుంది.

సూత్రం ఒక్కటే. ఈ రోజు చేతిలో ఉన్న లక్షా, ఆరు నెలల తర్వాత వచ్చే లక్షా ఒకటి కావు. అందుకని వేర్వేరు తేదీల మొత్తాలను ఉన్నవి ఉన్నట్టు కూడకూడదు. అన్నిటినీ ముందు ఒక తేదీకి తీసుకురావాలి. ఆ తేదీ కంటే ముందే గడువు తీరే బాకీకి మధ్య కాలం వడ్డీ కలుస్తుంది. ఆ తేదీ తర్వాత గడువున్న బాకీకి, ముందే కడుతున్నారు కాబట్టి, మధ్య కాలం వడ్డీ తగ్గుతుంది. అలా తెచ్చిన పాత బాకీల మొత్తం, కొత్తగా ఇచ్చే మొత్తం ఆ తేదీన సమానంగా ఉండాలి. కామర్స్ పుస్తకాల్లో ఈక్వేషన్ ఆఫ్ వాల్యూ అనేది ఇదే. అన్నిటినీ ఏ తేదీకి తెస్తామో దాన్ని ఫోకల్ డేట్ అంటారు. ఇక్కడ మనం 2027 ఫిబ్రవరి 1 తీసుకుందాం. ఎందుకు అదే అన్నది తర్వాత చెబుతాను, అందులో ఒక మెలిక ఉంది.

మొదటి బిల్లు 2 లక్షలు, ఆగస్టు 1కి కట్టాల్సింది. ఫిబ్రవరి 1కి ఆరు నెలలు ఆలస్యం. నూటికి రూపాయిన్నర చొప్పున ఆరు నెలలకు 9 శాతం, అంటే 18,000. ఫిబ్రవరి 1న దీని విలువ 2,18,000.

రెండో బిల్లు 3 లక్షలు, నవంబర్ 1కి కట్టాల్సింది. ఆలస్యం మూడు నెలలే. నాలుగున్నర శాతం, 13,500. విలువ 3,13,500.

మూడోది నోటు. దీనికి ముందు గడువు నాటి మొత్తం ఎంతో తేల్చుకోవాలి. లక్షకు నూటికి రూపాయి చొప్పున ఏడాదికి 12,000, కాబట్టి 2027 మే 1న మీరు ఇవ్వాల్సింది 1,12,000. ఇక్కడ అసలు లక్షే పెట్టి లెక్క మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, అది తప్పు. వడ్డీతో రాసిన బాకీ అయితే సమీకరణంలోకి వెళ్లేది అసలు కాదు, గడువు తేదీన చెల్లించాల్సిన మొత్తం. సరుకు బిల్లుల్లో గడువు దాకా వడ్డీ ఉండదు కాబట్టి బిల్లు మొత్తమే గడువు మొత్తం. ఈ నోటును మీరు మూడు నెలలు ముందే తీరుస్తున్నారు. కాబట్టి 1,12,000ను 1.045తో భాగించాలి, 1,07,177 వస్తుంది. అంటే ఫిబ్రవరి 1న 1,07,177 తీసుకుని మూడు నెలలు నూటికి రూపాయిన్నరకు తిప్పితే మే 1న ఆయన చేతిలో సరిగ్గా 1,12,000 ఉంటుంది.

మూడూ కూడితే 6,38,677. ఎక్సెల్‌లో ఇలా కొట్టి చూసుకోండి:

```
=200000*(1+0.015*6) + 300000*(1+0.015*3) + 112000/(1+0.015*3)
```

ఇప్పుడు ఆయన 6,67,080 ఎలా వచ్చిందో చూడండి. మూడు మొత్తాలూ కూడి 6,12,000 చేశాడు. దాని మీద ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా ఆరు నెలల వడ్డీ 55,080 వేశాడు. అంటే నవంబర్‌లో కట్టాల్సిన బిల్లు కూడా ఆగస్టులోనే కట్టాల్సి ఉన్నట్టు, వచ్చే మే దాకా గడువున్న నోటు కూడా ఆగస్టుకే గడువు తీరిపోయినట్టు లెక్క కట్టాడన్నమాట. రెండో బిల్లు మీద మూడు నెలల వడ్డీ 13,500 అదనంగా పడింది. నోటు మీద 4,823 తగ్గాల్సింది పోయి 10,080 పెరిగింది, అక్కడ తేడా 14,903. రెండూ కలిపితే ఆ 28,403. ఆయన కావాలని చేశాడని నేను అనను. ఖాతా పుస్తకంలో కింద టోటల్ కనిపిస్తే దాని మీద వడ్డీ వేసేయడం మామూలుగా జరిగేదే. మీరు వెళ్లి ఎక్కువ వేశారని అనకుండా, ఒక్కో బిల్లు పక్కన ఎన్ని నెలలో రాసి కాగితం ముందు పెట్టండి. నోటి లెక్క కంటే కాగితం మీద నెలలు చూస్తే త్వరగా తెములుతుంది.

మీ వాదనలోనూ సగం నిజముంది. కొంత ముందు, కొంత వెనక కడుతున్నారు, నిజమే. కానీ 5 లక్షలు వెనక పడుతున్నాయి, ముందు కడుతున్నది 1,12,000 మాత్రమే. రెండూ ఒకదానికొకటి రద్దయిపోవాలంటే మీరు నవంబర్ మొదటి వారంలో కట్టాలి. ఆ తేదీ ఎలా వస్తుందో కింద చెబుతాను.

ఇక నోటు దగ్గర ఆయన అడగబోయే మాట. "నా నోటు మీద ఫిబ్రవరి 1కి తొమ్మిది నెలల వడ్డీ 9,000 అయింది. అంటే 1,09,000. నువ్వు 1,07,177 ఇస్తానంటావేంటి? ముందే కడితే నేను నష్టపోవాలా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. నోటు రాసింది రూపాయి వడ్డీకి, ఇప్పుడు ముందుకు లాగుతున్నది రూపాయిన్నర రేటుతో. తగ్గించే రేటు నోటు రేటు కంటే ఎక్కువ కాబట్టి మీకు 1,823 రూపాయల లాభం వస్తోంది. కొత్త ఒప్పందానికి ఏ రేటు అనుకున్నారో అదే అన్ని బాకీలకూ, ముందుకూ వెనక్కూ రెండు వైపులా వర్తించాలన్నది సమీకరణం పద్ధతి, ఆ లెక్కన 1,07,177 సరైనదే. కానీ గడువుకు ముందే తగ్గించి తీసుకోమని ఆయన్ని బలవంతపెట్టే హక్కు మీకు లేదు, అది ఒప్పందంతోనే జరగాలి. ఆయన పట్టుబడితే నోటును 1,09,000గా ఒప్పేసుకోండి. అప్పుడు మొత్తం 6,40,500. ఈ 1,823 దగ్గర పట్టుదలకు పోయి 28,403 తగ్గించే మాట చెడగొట్టుకోవద్దు.

మీది గడువు రాసిన నోటు కాబట్టి ఈ చర్చ వచ్చింది. మన ఊళ్లలో ఎక్కువ నోట్లు "మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ అనుమతి పొందిన వారికి గానీ" చెల్లిస్తానని రాసేవి. అలాంటి నోటుకు గడువు తేదీయే లేదు. దానికి తగ్గింపు లెక్క అక్కర్లేదు, ఫోకల్ డేట్ నాటికి అసలూ అప్పటిదాకా అయిన వడ్డీ కలిపి వేసుకోవడమే. మీ నోటు తీసి ఒకసారి చదవండి. నోటిమాటగా ఏడాది అనుకుని కాగితం మీద "కోరినప్పుడు" అని రాసి ఉంటే ఆయన 1,09,000 మాటకు బలం ఎక్కువ.

ఇప్పుడు మెలిక దగ్గరికి వద్దాం. నేను ఫిబ్రవరి 1ని ఫోకల్ డేట్‌గా తీసుకున్నాను. ఆగస్టు 1కి అన్నిటినీ తెచ్చి లెక్క కట్టినా అదే రావాలి కదా అనిపిస్తుంది. రాదు. ఆగస్టు 1కి తెస్తే మొదటి బిల్లు 2,00,000, రెండోది 2,87,081, నోటు 98,678. మొత్తం 5,85,760. దీన్ని ఆరు నెలలు ముందుకు తీసుకెళ్తే 6,38,478. నా లెక్క కంటే 199 తక్కువ. అదే చివరి తేదీ మే 1ని పెట్టుకుంటే 6,37,321 వస్తుంది, 1,356 తక్కువ. మూడింట్లోనూ కూడికలు, భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి.

దీనికి కారణం బారువడ్డీ స్వభావమే. లక్ష రూపాయలు రూపాయిన్నరకు ఆరు నెలలు ఆగకుండా ఉంటే 1,09,000. మూడు నెలల దగ్గర ఆపి, 1,04,500 చేసి, దాన్నే అసలుగా పెట్టి మళ్లీ మూడు నెలలు నడిపితే 1,09,202.50. మధ్యలో ఎక్కడ ఆపి లెక్క తేలిస్తే అక్కడ వడ్డీ అసలుగా మారిపోతుంది. ఫోకల్ డేట్ అంటే అలా ఆపే చోటే. చోటు మారితే జవాబు మారుతుంది. చక్రవడ్డీలో ఈ బాధ లేదు, అక్కడ ప్రతి విడతలోనూ వడ్డీ అసలుగా మారుతూనే ఉంటుంది కాబట్టి ఏ తేదీకి తెచ్చినా ఒకే జవాబు. మీ లెక్కనే నెలవారీ చక్రవడ్డీతో కడితే ఏ తేదీ పెట్టుకున్నా 6,39,500 వస్తుంది, మహా అయితే పైసల తేడా.

మీ విషయంలో తేడా వందల్లోనో వెయ్యిలోనో ఉంది కాబట్టి పెద్దగా పట్టదు. రేటు పెరిగి, కాలం సాగితే ఇది లక్షల్లోకి వెళ్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక స్థలం అమ్మకం కేసు చెబుతాను. కొన్నాయన రిజిస్ట్రేషన్ నాడు 10 లక్షలు, మూడేళ్ల తర్వాత ఇంకో 10 లక్షలు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక మొదటి పది సర్దుబాటు కాలేదు. రెండూ కలిపి ఏడాదిన్నర దగ్గర ఒకేసారి ఇచ్చేలా, నూటికి రెండు రూపాయల బారువడ్డీతో ఇద్దరూ మాట్లాడుకున్నారు. కొన్నాయన తరఫు పెద్దమనిషి 20 లక్షలన్నాడు. అమ్మినాయన తరఫు పెద్దమనిషి 21,50,698 అన్నాడు. లక్షన్నర తేడా. ఇద్దరూ కాగితాలు పట్టుకొచ్చి, అవతలి వాడికి లెక్కలు రావని చెప్పుకున్నారు.

నేను చూస్తే ఇద్దరి లెక్కలూ సరైనవే. మొదటాయన అన్నిటినీ మూడో ఏడాది చివరికి తీసుకెళ్లాడు. మొదటి పది అక్కడికి 17,20,000 అవుతుంది, రెండో పదితో కలిపి 27,20,000, ఏడాదిన్నర వెనక్కు తేవడానికి 1.36తో భాగిస్తే సరిగ్గా 20 లక్షలు. రెండో ఆయన అన్నిటినీ మొదటి రోజుకు తెచ్చాడు. రెండో పదిని 1.72తో భాగిస్తే 5,81,395, మొదటి పదితో కలిపి 15,81,395, దాన్ని 1.36తో గుణిస్తే 21,50,698. చెల్లించే రోజునే ఫోకల్ డేట్ చేస్తే 13,60,000, 7,35,294 కలిపి 20,95,294. చక్రవడ్డీతో, ఏటా ఒకసారి కలిపేలా, సరిచూస్తే 21,05,000 దాకా వచ్చింది. చెల్లించే రోజు లెక్క దానికి దగ్గరగా ఉండటం చూసి ఇద్దరూ మెత్తబడ్డారు, 20,95,000 దగ్గర తెగింది.

అందుకే బారువడ్డీ అయితే ఫోకల్ డేట్ ఏదో రేటుతో పాటే మాట్లాడుకోవాలి. నేనెప్పుడూ చెల్లించే తేదీనే సూచిస్తాను. అలా చేస్తే ప్రతి బాకీకీ ఒకే ఒక్క అడుగు, ముందుకో వెనక్కో. కొత్త మొత్తానికి ఏమీ చేయనక్కర్లేదు, అది ఆ రోజుదే. మధ్యలో ఇంకో తేదీకి వెళ్లి తిరిగి రావడం ఉండదు. పైగా ఒక్కో బిల్లు పక్కన పడ్డ వడ్డీ ఎంతో ఇద్దరికీ కనిపిస్తుంది. కానీ ఇది నియమం కాదు, ఒప్పందం. ముందు మాట్లాడుకోకపోతే ఎవరికి లాభమైన తేదీని వాళ్లు పట్టుకుంటారు.

నెలలా, రోజులా అన్నది కూడా తేల్చుకోండి. మనవాళ్లు నూటికింత అన్నప్పుడు నెల లెక్కే. కానీ డిస్ట్రిబ్యూటర్ కంప్యూటర్ బిల్లింగ్ చేసేవాడైతే అతని సాఫ్ట్‌వేర్ ఏడాదికి 18 శాతం చొప్పున, 365 రోజుల మీద వేస్తుంది. అప్పుడు ఆగస్టు 1 నుంచి ఫిబ్రవరి 1కి 184 రోజులు, నవంబర్ 1 నుంచి 92, ఫిబ్రవరి నుంచి మే 1కి 89 రోజులే. మొత్తం 6,39,050 అవుతుంది, నెలల లెక్క కంటే 373 ఎక్కువ. ఎంత తేడా వచ్చిందో తెలియక మళ్లీ గొడవ పడకుండా ఉండటానికి చెబుతున్నా.

కాగితం, కాలిక్యులేటర్‌తో ఆయన ముందే సరిచూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఒక్కో మొత్తాన్ని దాని నెలలతో గుణించండి. 2 లక్షలు ఆరు నెలలు, 12 లక్షలు. 3 లక్షలు మూడు నెలలు, 9 లక్షలు. నోటు 1,12,000 మూడు నెలలు ముందు కాబట్టి 3,36,000 తీసేయాలి. మిగిలింది 17,64,000. దీని మీద ఒక్క నెల వడ్డీ, రూపాయిన్నర చొప్పున, 26,460. దాన్ని 6,12,000కు కలిపితే 6,38,460. అసలు జవాబుకు 217 రూపాయల దూరంలోనే ఉంది. ఈ 217 ఎక్కడిదంటే, ఈ పద్ధతిలో నోటును భాగించకుండా 1,12,000 మీదే మూడు నెలల వడ్డీ కోసేస్తున్నాం. బ్యాంకులు బిల్లు డిస్కౌంట్ చేసేటప్పుడు చేసేది ఇదే. ముందు కట్టే వాడికి కాస్త లాభం. నెలలు తక్కువైతే ఇలా కానివ్వొచ్చు, ఏళ్ల గడువున్న బాకీకి మాత్రం వాడకండి.

నవంబర్ మాట ఇక్కడి నుంచే వస్తుంది. ఇవే గుణకాలు ఆగస్టు 1 నుంచి లెక్కబెడితే మొదటి బిల్లుకు సున్నా, రెండోదానికి 9 లక్షలు, నోటుకు తొమ్మిది నెలలు కాబట్టి 10,08,000. మొత్తం 19,08,000ను 6,12,000తో భాగిస్తే మూడు నెలల మీద మూడు, నాలుగు రోజులు. నవంబర్ 4, 5 తేదీలు. సగటు గడువు తేదీ అంటే ఇదే. ఆ రోజు మీరు 6,12,000 ఇస్తే వడ్డీ ఇచ్చేదీ లేదు, తగ్గేదీ లేదు. అక్కడి నుంచి నెల జరిగితే సుమారు 9,180 పెరుగుతుంది. బేరం ఆడేటప్పుడు ఈ అంకె బుర్రలో పెట్టుకోండి. "జనవరి 1కే ఇస్తాను, ఎంత తగ్గిస్తారు" అని అడిగితే వెంటనే సమాధానం మీ దగ్గర ఉంటుంది.

మధ్యలో కొంత చేతికొస్తే? ఉదాహరణకు డిసెంబర్ 1న లక్ష ఇచ్చారనుకోండి. ఆ లక్షకు ఫిబ్రవరి 1న విలువ 1,03,000. అంత తీసేస్తే మీరు ఇవ్వాల్సింది 5,35,677. మీ బాకీకి వడ్డీ పడుతున్నప్పుడు మీరు ముందుగా ఇచ్చిన దానికీ పడాలి. చాలా ఖాతాల్లో దాన్ని లక్షగానే తగ్గిస్తారు, చూసుకోండి.

పన్ను వైపు నుంచి ఒక ముఖ్యమైన సంగతి. మీరు జీఎస్టీలో రెగ్యులర్ డీలర్ అయితే, సరుకు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోపు సరఫరాదారుకు డబ్బు చెల్లించాలి. లేకపోతే ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కు కట్టాలి, డబ్బు చెల్లించాక మళ్లీ తీసుకోవచ్చు. బిల్లు తేదీలు మీరు రాయలేదు. ఆగస్టు 1 గడువు బిల్లు 90 రోజుల అరువుదైతే అది మే మొదట్లోది. దాని 180 రోజులు అక్టోబర్ చివరికే అయిపోతాయి. మీ ఇద్దరి మధ్య ఒప్పందం ఆ గడువును జరపదు. ఫిబ్రవరి దాకా ఆగడం వల్ల పడే అసలు ఖర్చులో ఇదీ ఒక భాగం. వీలైతే మొదటి బిల్లును 180 రోజుల్లోపు తీర్చి, మిగిలిన రెండింటినే కలపండి. అప్పుడు సమీకరణంలోంచి ఆ 2,18,000 తీసేయడమే, ఫిబ్రవరి 1న ఇవ్వాల్సింది 4,20,677. ఆలస్యానికి వేసే వడ్డీ కూడా సరుకు విలువలో భాగమే అన్నది జీఎస్టీ చట్టం, కాబట్టి బిల్లుల మీది 31,500 వడ్డీకి ఆయన జీఎస్టీతో డెబిట్ నోటు పంపొచ్చు. అది మోసం కాదు, కానీ 6,38,677లో అది లేదని ఇద్దరికీ తెలియాలి.

ఇక కాగితం. నోటిమాట మీద వదిలేస్తే రేపు పాత బిల్లులు, పాత నోటు, కొత్త మొత్తం మూడూ మీ మీద నిలబడతాయి. పాత ఒప్పందం స్థానంలో కొత్తది పెట్టుకున్నామని ఇద్దరూ ఒప్పుకుంటే పాతదాన్ని నెరవేర్చనక్కర్లేదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 62వ సెక్షన్ చెబుతుంది. ఆ ఒప్పుకోలు కాగితం మీద కనిపించాలి. బిల్లుల నంబర్లు, తేదీలు, నోటు తేదీ రాసి, వీటన్నిటి స్థానంలో 2027 ఫిబ్రవరి 1న ఇంత అని రాయించండి. రేటు, బారువడ్డీ అన్న మాట, నెలల లెక్క అన్న మాట, ఫోకల్ డేట్ చెల్లించే రోజే అన్న మాట ఒక్కో వాక్యంలో చాలు. పాత నోటు మీద రద్దు రాయించి వెనక్కు తీసుకోండి. ఫిబ్రవరిలో ఇస్తానంటే కుదరదు, కొత్త కాగితం రాసిన రోజే తీసుకోవాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. 20 వేలు, ఆపైన ఉన్న అప్పును నగదుగా తీర్చడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, మీ నోటు దాని కిందికి వస్తుంది.

ఆ కాగితంలో అందరూ వదిలేసే వాక్యం ఒకటి ఉంది. ఫిబ్రవరి 1 దాటితే ఏంటి? పత్తి రేటు పడిపోయి మీకు మార్చి 1 దాకా పట్టిందనుకోండి. మొదటి నుంచీ మార్చి 1నే పెట్టుకుని లెక్క కట్టి ఉంటే 6,47,738 అయ్యేది, ఫిబ్రవరి కంటే 9,061 ఎక్కువ. కానీ కొత్త కాగితం ప్రకారం మీ అసలు ఇప్పుడు 6,38,677, ఆలస్యపు వడ్డీ దాని మొత్తం మీద పడుతుంది, 9,580. అందులో అప్పటిదాకా పడ్డ 31,500 వడ్డీ కూడా అసలుగా మారిపోయింది, దాని మీద కూడా వడ్డీ కడుతున్నారు. తేడా 519 రూపాయలే అయినా, ఆలస్యం ఏడాదైతే అలా ఉండదు. "ఆలస్యమైతే 6,12,000 మీదే నెలకు రూపాయిన్నర" అని రాయించుకోగలిగితే రాయించుకోండి. ఆయన ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి, తేదీని ఫిబ్రవరి 1 కాకుండా 15 అని అడగండి. దానికి ఇప్పుడే పెరిగేది దాదాపు నాలుగున్నర వేలే.